ప్రశ్నావళి నమ్మదగినదా? ఆల్ఫా గుణకం చెప్పేది, చెప్పనిది

కొన్నేళ్ల క్రితం ఒక పరిశోధక విద్యార్థి తన సిద్ధాంత వ్యాసం చిత్తుప్రతి మా వద్దకు తెచ్చారు. ఆంధ్రేతర ప్రాంతంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల భాషా వైఖరిని ఒక ప్రశ్నావళితో కొలిచారు. గణన ఫలితంగా వచ్చిన ఆల్ఫా గుణకం దాదాపు సున్న. దానిని ఆధారం చేసుకుని ఆయన ఒక వాక్యం రాశారు: 'ఈ సముదాయానికి మాతృభాష పట్ల స్థిరమైన వైఖరి లేదు'. మేము జవాబు పత్రాలు తెప్పించి చూశాం. వైఖరికి వచ్చిన లోపమేమీ లేదు. వ్యతిరేకార్థంలో అడిగిన ప్రశ్నలకు వేయవలసిన అంకెలను తిరగవేయడం మాత్రం మరచిపోయారు. ఒక నమోదు పొరపాటు ఒక సముదాయంపై తీర్పుగా అచ్చులోకి వెళ్లబోయింది.

హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూరు, యానాం వంటి చోట్ల భాషా వైఖరులను పరిశీలించే ప్రశ్నావళులు మన విద్యార్థులు తరచుగా వాడుతుంటారు. ప్రతి నివేదికలోనూ 'ఆల్ఫా విలువ ఇంత, కనుక ప్రశ్నావళి విశ్వసనీయమైనది' అనే వాక్యం ఒకటి ఉంటుంది. ఆ అంకె ఎలా వస్తుంది, ఎంత ఉంటే చాలు, ఎంత ఉన్నా దేనికి చాలదు అనే విషయాలను ఒక చిన్న లెక్కతో ఇక్కడ వివరిస్తాం.

అంతర్గత పొందిక అంటే

వైఖరి కంటికి కనిపించేది కాదు. అందుచేత ఒకే ప్రశ్నతో దానిని కొలవలేము. ఒకే వైఖరిని వేర్వేరు వైపుల నుంచి తడిమే కొన్ని వాక్యాలు ఇచ్చి, ఒక్కొక్క దానితో ఎంతవరకు ఏకీభవిస్తారో 1 నుంచి 5 వరకు అంకెలలో చెప్పమంటాం. ఆ అంకెల మొత్తమే ఆ వ్యక్తి వైఖరికి కొలత అంటాం. అలా అనడానికి మనకు హక్కు ఉండాలంటే ఆ వాక్యాలన్నీ ఒకే దిశగా లాగాలి. బండికి కట్టిన ఎద్దులు చెరొక వైపు లాగితే బండి కదలదు. వాక్యాలు చెరొక వైపు లాగితే మొత్తానికి అర్థం ఉండదు. జవాబుల మధ్య ఉండే ఈ కలివిడినే అంతర్గత పొందిక అంటున్నాం. దానిని ఒక అంకెగా చెప్పేది ఆల్ఫా గుణకం.

ఈ గుణకానికి లీ క్రాన్‌బాక్ పేరు స్థిరపడింది. ఆయన 1951లో సైకోమెట్రికా పత్రికలో రాసిన వ్యాసం దీనిని ప్రచారంలోకి తెచ్చింది. అయితే సూత్రం అంతకు ముందే ఉన్నది. ఒప్పు, తప్పు అనే రెండు జవాబులే ఉన్న పరీక్షలకు కూడర్, రిచర్డ్‌సన్‌లు 1937లోనే ఇటువంటి సూత్రం ఇచ్చారు. గట్‌మన్ 1945లో ఇదే కొలతను మరొక పేరుతో ప్రతిపాదించారు.

సూత్రం ఇది:

```
α = [k / (k − 1)] × [1 − (Σ Vi / Vt)]
```

ఇందులో k అంటే వాక్యాల సంఖ్య. Vi అంటే ఒక్కొక్క వాక్యానికి వచ్చిన జవాబుల విస్తృతి. Vt అంటే మొత్తాల విస్తృతి. జవాబులు సగటు నుంచి ఎంతెంత దూరంగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత విస్తృతి. ప్రతి అంకె నుంచి సగటును తీసివేసి, వచ్చిన తేడాలను వర్గం చేసి కూడి, ఆ మొత్తాన్ని జవాబుల సంఖ్య కన్న ఒకటి తక్కువతో భాగిస్తే విస్తృతి వస్తుంది.

సూత్రంలోని ఆలోచన సులభమైనది. వాక్యాలన్నీ ఒకే దిశగా లాగితే ఒకరికి అన్నింటా ఎక్కువ అంకెలు, మరొకరికి అన్నింటా తక్కువ అంకెలు వస్తాయి. అప్పుడు మొత్తాలు బాగా దూరదూరంగా ఉంటాయి, అంటే Vt పెద్దదవుతుంది. వాక్యాలకు సంబంధం లేకపోతే ఒక దానిలో వచ్చిన ఎక్కువను మరొక దానిలో వచ్చిన తక్కువ రద్దు చేస్తుంది. మొత్తాలు ఒకే చోట గుమిగూడుతాయి. Vt అప్పుడు విడి విస్తృతుల మొత్తాన్ని మించదు, ఆల్ఫా సున్నకు చేరుతుంది.

ఒక లెక్క

నాలుగు వాక్యాలు తీసుకుందాం.

1. ఇంట్లో పిల్లలతో తెలుగులోనే మాట్లాడాలి.
2. పెళ్లి శుభలేఖ తెలుగులో కూడా అచ్చు వేయించాలి.
3. తెలుగు పత్రిక చేతికి వస్తే చదువుతాను.
4. బడిలో తెలుగు కూడా నేర్పడం పిల్లలకు అనవసరపు బరువు.

బొత్తిగా ఒప్పుకోకపోతే 1, పూర్తిగా ఒప్పుకుంటే 5. అయిదుగురి జవాబులు కింద ఇస్తున్నాం. ఇవి ఏ సర్వేలోనివీ కావు. లెక్క విడమరచడానికి మేము కూర్చుకున్న అంకెలు. నిజమైన పరిశోధనకు అయిదుగురు ఏ మూలకూ చాలరు.

| వ్యక్తి | వాక్యం 1 | వాక్యం 2 | వాక్యం 3 | వాక్యం 4 | మొత్తం |
|---|---|---|---|---|---|
| మొదటి | 5 | 4 | 4 | 2 | 15 |
| రెండవ | 4 | 5 | 3 | 2 | 14 |
| మూడవ | 3 | 3 | 2 | 3 | 11 |
| నాలుగవ | 2 | 1 | 4 | 5 | 12 |
| అయిదవ | 1 | 2 | 2 | 3 | 8 |

ప్రతి వాక్యానికీ సగటు 3. విస్తృతులు వరుసగా 2.5, 2.5, 1.0, 1.5. వీటి మొత్తం 7.5. ఇక చివరి వరుసలోని మొత్తాల సగటు 12. దాని నుంచి తేడాలు 3, 2, −1, 0, −4. వర్గాల మొత్తం 30. దానిని 4తో భాగిస్తే 7.5. విడి విస్తృతుల మొత్తమూ, మొత్తాల విస్తృతీ సమానమయ్యాయి. సూత్రంలో వేస్తే ఆల్ఫా సరిగ్గా సున్న వస్తుంది. మా విద్యార్థి చూసినది దాదాపు ఇదే.

కాని నాలుగవ వాక్యాన్ని మరొకసారి చదవండి. మిగిలిన మూడింటిలో 5 అంటే తెలుగుకు అనుకూలం. దీనిలో 5 అంటే ప్రతికూలం. కనుక దీని అంకెలను తిరగవేయాలి. 6లో నుంచి తీసివేస్తే 5 ఉన్నచోట 1, 2 ఉన్నచోట 4 వస్తాయి. అప్పుడు నాలుగవ వాక్యం జవాబులు 4, 4, 3, 1, 3 అవుతాయి. మొత్తాలు 17, 16, 11, 8, 8. సగటు మళ్లీ 12. తేడాల వర్గాల మొత్తం 74, మొత్తాల విస్తృతి 18.5. విడి విస్తృతులు మాత్రం మారలేదు, వాటి మొత్తం 7.5గానే ఉంది. 7.5ను 18.5తో భాగిస్తే 0.405. దానిని 1లో నుంచి తీసివేసి 4/3తో హెచ్చిస్తే ఆల్ఫా 0.79.

మనుషులు వారే, జవాబులూ అవే. తేడా అంతా నమోదులో ఉంది. పొరపాటు లెక్కలో నాలుగవ వ్యక్తి మూడవ వ్యక్తి కంటె తెలుగుకు ఎక్కువ అనుకూలుడుగా కనిపించాడు. సరిచేసిన లెక్కలో అతడు వెనుకబడ్డాడు. ఇటువంటి పొరపాటును పట్టుకోవడానికి ఒక సూచన ఉంది. ఒక్కొక్క వాక్యానికీ మిగిలిన వాక్యాల మొత్తానికీ గల సహసంబంధాన్ని చూడాలి. అది ఋణాత్మకంగా వస్తే ఆ వాక్యాన్ని తిరగవేయడం మరచిపోయారా అని ముందుగా అనుమానించాలి. ఆల్ఫా ఋణాత్మకమైనా అదే అనుమానం.

భాషాశాస్త్ర దృష్టితో ఇక్కడ ఒక మాట చెప్పాలి. 'నువ్వు రాలేదా?' అని అడిగితే తెలుగులో 'అవును, రాలేదు' అనడం సహజం. ఇంగ్లీషులో అదే చోట 'నో' అంటారు. అందుచేత 'పిల్లలకు తెలుగు నేర్పనక్కర లేదు' వంటి నిషేధ వాక్యాన్ని నోటితో అడిగినప్పుడు, వచ్చిన 'అవునండి', 'లేదండి'లను ఇంగ్లీషు పద్ధతికి అలవాటుపడిన పరిశోధకుడు తారుమారుగా నమోదు చేసే ప్రమాదం ఉంది. వ్యతిరేక వైఖరిని అడగాలంటే 'బరువు', 'దండుగ' వంటి మాటలతో నిషేధం లేని వాక్యం రాయడం మేలు. వ్యతిరేక వాక్యాలు అసలు లేకుండా చేయడమూ మంచిది కాదు. ఇంటికి వచ్చిన పెద్దమనిషి మాట కాదనలేక ప్రతిదానికీ తల ఊపేవారు ఉంటారు. వాక్యాలన్నీ ఒకే వైపుగా ఉంటే ఆ మర్యాద కూడా పొందికగా లెక్కలోకి చేరి ఆల్ఫాను పెంచుతుంది.

వాక్యాన్ని తీసివేయవచ్చునా?

సరిచేసిన లెక్కలో మూడవ వాక్యానికీ మిగిలిన వాటి మొత్తానికీ సహసంబంధం 0.12 మాత్రమే. ఆ వాక్యాన్ని తీసివేస్తే ఆల్ఫా 0.79 నుంచి 0.91కి పెరుగుతుంది. ఎస్.పి.ఎస్.ఎస్. వంటి గణన కార్యక్రమాలు ఈ విషయాన్ని `Cronbach's Alpha if Item Deleted` అనే వరుసలో చూపిస్తాయి. దానిని చూడగానే వాక్యాన్ని కొట్టివేయాలనిపిస్తుంది.

కొట్టివేసే ముందు ఆ వాక్యం ఎందుకు విడిపోయిందో అడగాలి. నాలుగవ వ్యక్తిని చూడండి. తెలుగును బడిలో పిల్లలకు నేర్పడం బరువే అంటున్నాడు, కాని పత్రిక దొరికితే చదువుతానంటున్నాడు. ఒకప్పుడు తెలుగు మాధ్యమంలో చదువుకుని, ఇప్పుడు పిల్లల ఉద్యోగాల కోసం రాష్ట్రభాష వైపు మొగ్గిన తండ్రి అయి ఉండవచ్చు. దీనికి ఎదురుగా, ఇంట్లో కమ్మని తెలుగు మాట్లాడుతూ, బడిలో కన్నడమో తమిళమో చదువుకున్నందువల్ల తెలుగు లిపి రానివారు మన పొరుగు రాష్ట్రాలలో ఎందరో ఉన్నారు. వారి భాషాభిమానం ఎంత గట్టిదైనా ఈ వాక్యానికి 1 వేస్తారు. అంటే ఈ వాక్యం వైఖరిని కాక లిపి పరిచయాన్ని కొలుస్తున్నది. కనుక దీనిని మొత్తం నుంచి తప్పించడం సమంజసమే. అయితే తప్పించడానికి కారణం ఆల్ఫా పెరగడం కాదు, వాక్యం మరొక విషయాన్ని అడగడం. తప్పించిన తరువాత దానిని పారవేయకుండా విడిగా నివేదించాలి. అసలు తెలుసుకోవలసిన విషయం అందులోనే ఉండవచ్చు.

ఎంత ఉంటే చాలు?

'0.70 ఉంటే చాలు' అనే మాట మన నివేదికలలో మంత్రంలాగా స్థిరపడింది. దీనికి మూలంగా జమ్ నన్నలీ గ్రంథం సైకోమెట్రిక్ థియరీని చూపిస్తారు. ఆ గ్రంథంలో ఉన్నది అంత సూటి మాట కాదు. 1967 నాటి మొదటి కూర్పులో పరిశోధన తొలిదశలో 0.60 లేదా 0.50 అయినా సరిపోతుందన్నారు. 1978 నాటి రెండవ కూర్పులో తొలిదశకు 0.70 అని మార్చారు. సమూహాలను పోల్చే మూల పరిశోధనకు 0.80 ఉండాలన్నారు. ఒక వ్యక్తి విషయంలో ముఖ్యమైన నిర్ణయం ఆ అంకెపై ఆధారపడినప్పుడు 0.90 కనీసమనీ, 0.95 కోరదగినదనీ చెప్పారు. అంటే 0.70 కొత్త మాపనికి ప్రవేశార్హత వంటిదే గాని, అన్ని పనులకూ ఇచ్చిన అనుమతి కాదు.

ఈ హెచ్చుతగ్గులకు కారణం మన లెక్కలోనే కనిపిస్తుంది. మొత్తాల విస్తృతి 18.5 కనుక దాని వర్గమూలమైన ప్రామాణిక విచలనం 4.3. దానిని (1 − ఆల్ఫా) వర్గమూలంతో హెచ్చిస్తే ఒక వ్యక్తి అంకెలో ఉండగల దోషం తెలుస్తుంది. ఆల్ఫా 0.79 అయితే ఈ దోషం సుమారు 2. అంటే 12 వచ్చిన వ్యక్తి నిజమైన స్థానం 10కీ 14కీ మధ్య ఉండవచ్చు. మరింత నిశ్చయంగా చెప్పాలంటే 8కీ 16కీ మధ్య ఉన్నదనాలి. మాపని పరిధి 4 నుంచి 20 వరకే కదా! 11 వచ్చిన కుటుంబం పిల్లలను తెలుగు తరగతిలో చేర్చుకుని, 10 వచ్చిన కుటుంబం పిల్లలను వద్దనడానికి ఈ అంకె చాలదు. రెండు వందల కుటుంబాల సగటును మరొక రెండు వందల కుటుంబాల సగటుతో పోల్చేటప్పుడు మాత్రం విడి దోషాలు చాలావరకు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. అప్పుడు 0.79 పనికి వస్తుంది.

ఎక్కువ విలువ మోసం చేసే తీరు

వాక్యాల సంఖ్య పెరిగితే ఆల్ఫా పెరుగుతుంది. వాక్యాల మధ్య సగటు సహసంబంధం 0.30 అనుకుందాం. నాలుగు వాక్యాలుంటే ఆల్ఫా 0.63. పది ఉంటే 0.81. ఇరవై ఉంటే 0.90. వాక్యాల నాణ్యత ఏమీ మారలేదు, ప్రశ్నావళి పొడవు మాత్రమే పెరిగింది. ఇరవై వాక్యాలకు 0.75 వస్తే సంతోషించనక్కర లేదు. నాలుగు వాక్యాలకు 0.65 వస్తే విచారించనక్కర లేదు. అందుచేత ఆల్ఫా పక్కన వాక్యాల సంఖ్యను తప్పక రాయాలి. 0.95 దాటితే మరొక అనుమానం రావాలి. 'పిల్లలతో తెలుగు మాట్లాడాలి', 'మన పిల్లలతో మన భాషే మాట్లాడాలి' అని ఒకే వాక్యాన్ని మాటలు మార్చి అడిగారేమో చూసుకోవాలి.

ఇంతకంటె పెద్ద అపోహ ఒకటి ఉంది. ఆల్ఫా ఎక్కువగా ఉంటే మాపని ఒకే విషయాన్ని కొలుస్తున్నదని చాలామంది రాస్తారు. అది నిజం కాదు. ఆరు వాక్యాలు ఇంటి భాష గురించీ, ఆరు వాక్యాలు బడి భాష గురించీ ఉన్నాయనుకుందాం. ఒక్కొక్క ఆరింటి లోపల సహసంబంధం 0.60. రెండు గుంపుల మధ్య సంబంధం బొత్తిగా సున్న. పన్నెండు వాక్యాలలో ఏర్పడే 66 జంటలలో 30 జంటలకు 0.60, మిగిలిన 36 జంటలకు సున్న. సగటు 0.27. ఆల్ఫా 0.82 వస్తుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు వైఖరులను కలిపి కూడినా నివేదికలో 'విశ్వసనీయం' అనే ముద్ర పడుతుంది. వాక్యాలు ఎన్ని గుంపులుగా విడిపోతున్నాయో తెలుసుకోవడానికి కారక విశ్లేషణ చేసి, ఆ తరువాత గుంపు గుంపుకూ ఆల్ఫా విడిగా లెక్కించాలి. అన్ని వాక్యాలూ ఒకే బలంతో వైఖరిని కొలవనప్పుడు మెక్‌డొనాల్డ్ ప్రతిపాదించిన ఒమేగా గుణకం మరింత సరైనది. క్రాన్‌బాక్ మరణానంతరం 2004లో వెలువడిన వ్యాసంలో ఆయనే, చాలావరకు దత్తాంశాలను పరిశీలించడానికి ఆల్ఫా సూత్రమే అత్యంత తగిన మార్గమని తాను ఇక భావించడం లేదని రాశారు.

గుణకం ఎవరిది?

ఆల్ఫా ప్రశ్నావళికి పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఫలానా మనుషులు ఫలానా సందర్భంలో ఇచ్చిన జవాబుల గుణం. హోసూరులో బాగా పనిచేసిన మాపనిని యానాం తీసుకువెళ్లామనుకుందాం. అక్కడ తెలుగు అధిక సంఖ్యాకుల భాష. 'ఇంట్లో తెలుగులోనే మాట్లాడాలి' అంటే దాదాపు అందరూ 5 వేయవచ్చు. అందరూ ఒకే జవాబు ఇస్తే విస్తృతి ఉండదు, విస్తృతి లేకపోతే పొందిక కనిపించదు, ఆల్ఫా పడిపోతుంది. దాని అర్థం యానాం వారి వైఖరి నిలకడ లేనిదని కాదు, ఆ ప్రశ్న అక్కడ ఎవరినీ వేరుచేయలేదని మాత్రమే. తెలుగు సంఘం సభ్యులనే అడిగి చేసిన సర్వేలలోనూ ఇదే జరుగుతుంది. కనుక మరొకరి వ్యాసంలోని ఆల్ఫాను అరువు తెచ్చుకోరాదు. ప్రశ్నావళిని కన్నడంలోకో ఒడియాలోకో అనువదించి అడిగితే ఆ జవాబులకు మళ్లీ లెక్కించాలి.

ఎంతమందిని అడిగారన్నదీ ముఖ్యమే. పది వాక్యాలకు ముప్పయి మంది ఇచ్చిన జవాబులలో ఆల్ఫా 0.70 వస్తే, దాని అసలు విలువ సుమారు 0.51 నుంచి 0.84 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. అటువంటప్పుడు 0.69 వచ్చిందని విచారించడం, 0.71 వచ్చిందని ఊపిరి పీల్చుకోవడం రెండూ అర్థం లేనివే. అంకెతో పాటు ఈ అవధినీ ఇవ్వాలి.

మా విద్యార్థి విషయానికి వస్తే, అంకెలు తిరగవేసిన తరువాత ఆయన గుణకం సంతృప్తికరంగానే వచ్చింది. ఆ వాక్యాన్ని కొట్టివేశారు. దాని స్థానంలో వాక్యాల సంఖ్య, జవాబిచ్చినవారి సంఖ్య, ఏ భాషలో అడిగారు, ఏ వాక్యాలను తిరగవేశారు, దేనిని ఎందుకు తప్పించారు అనే వివరాలతో ఒక పేరా రాశారు. ఆ సముదాయానికి చెందినవారు ఎవరైనా రేపు ఆ వ్యాసం చదివితే, తమ గురించి ఏమి అన్నారో, ఏ ఆధారంతో అన్నారో సరిచూసుకోగలరు.